ఎండాకాలపు స్లాబు: నాలుగు పోతల ప్రాజెక్టు డైరీ

పని: గోడల మీద కూర్చునే పైకప్పు స్లాబు. 10 మీ. × 8 మీ., మందం 125 మి.మీ., అంటే 10 ఘనపు మీటర్ల కాంక్రీటు. పగటి వేడి 41 డిగ్రీలు. అసలు స్లాబుకు ముందు అదే మందంతో, అవే ఊచలతో, సెంట్రింగ్ షీట్ల మీద 4 మీ. × 2 మీ. ప్యానెళ్లు మూడు పోశాం. ఒక్కోదానికి సరిగ్గా 1 ఘ.మీ. పట్టింది. మొదటి రెండు చెడిపోయాయి, రెండూ వేరువేరు కారణాల వల్ల. డైరీలో ఎక్కువ భాగం వాటి గురించే.

మిశ్రమం (1 ఘ.మీ.కి): సిమెంటు 350 కిలోలు, ఇసుక 700, కంకర 1150, నీళ్లు 175. బస్తా లెక్కన ఇసుక 100 కిలోలు, కంకర 164, నీళ్లు 25 లీటర్లు. నీళ్లకూ సిమెంటుకూ నిష్పత్తి 0.5.

పనిముట్లు: కాంక్రీటులో గుచ్చే థర్మామీటరు, గాలి తేమ కొలిచే మీటరు, చేతిలో పట్టుకునే గాలి వేగం మీటరు, కాంక్రీటు ఎన్ని మి.మీ. కుంగితే అంత మెత్తగా ఉన్నట్టు చూపే స్లంప్ కోన్, 20 కిలోల తూకం, పెనం, స్టవ్వు. వీటిలో గాలి వేగం మీటరు ఎందుకని మొదట్లో అనిపించింది. చివరికి అన్నిటికన్నా ఎక్కువ పనికొచ్చింది అదే.

1వ దశ: మొదటి ప్యానెల్, ఉదయం 10:30

ఏ జాగ్రత్తా లేకుండా, మామూలుగా ఎలా పోస్తారో అలాగే పోశాం. ఏది ఎంత చెడుతుందో కొలిచి చూడాలని.

కొలతలు: గాలి 41 డిగ్రీలు, తేమ 25 శాతం, గాలి వేగం గంటకు 15 కి.మీ. ఎండలో ఉన్న ఊచలు 56 డిగ్రీలు. మిక్సర్ నుంచి బయటపడిన కాంక్రీటు 41 డిగ్రీలు.

మొదట కనిపించింది బిగుసుకుపోవడం. మిక్సర్ దగ్గర స్లంప్ 100 మి.మీ. ఉంది. అరగంటకు 50కి, ముప్పావు గంటకు 25కి పడిపోయింది. చివరి రెండు బ్యాచ్‌లూ తాపీకి లొంగలేదు. పనివాళ్లు ఒక్కోదానికి 5 లీటర్ల నీళ్లు పోసి మళ్లీ కలిపారు. ఇది కూడా జరిగే పనే కాబట్టి ఆపలేదు, కానీ నీళ్లు పోయక ముందు, పోశాక బలం చూడటానికి విడివిడిగా క్యూబులు తీశాం. 25 లీటర్లకు 5 చేరితే నిష్పత్తి 0.5 నుంచి 0.6కి పోతుంది. చేతికి మెత్తగా తగులుతుంది గనక పని బాగైనట్టే ఉంటుంది. నష్టం క్యూబు పగిలే రోజున గానీ తెలియదు.

11:50కి పగుళ్లు మొదలయ్యాయి. అప్పటికి పోసి గంటా ఇరవై నిమిషాలు. రెండు రకాలున్నాయి, వాటిని వేరు చేసి చూడటం ముఖ్యం.

మొదటి రకం 14. ఏటవాలుగా, దాదాపు సమాంతరంగా, ఒకదానికొకటి 30 నుంచి 60 సెం.మీ. ఎడంతో. పొడవు 200 నుంచి 600 మి.మీ. ప్యానెల్ అంచుదాకా పోకుండా మధ్యలోనే ఆగిపోయాయి. ఉలితో ఒకదాన్ని తెరిస్తే 40 మి.మీ. లోతు దిగింది. పైతడి ఆరిపోయి కుంచించుకుపోవడం వల్ల వచ్చే పగుళ్లు ఇవే.

రెండో రకం 3. ఇవి సరిగ్గా ఊచల నెత్తిన, ఊచ వెంటే తిన్నగా పోయాయి. కాంక్రీటు కిందికి సర్దుకుంటుంటే ఊచ అడ్డుపడి పైన విరిగిన గీతలివి. వీటికి ఎండతో పెద్దగా సంబంధం లేదు, వైబ్రేటర్ సరిగా పెట్టకపోతే ఏ కాలంలోనైనా వస్తాయి. ఇంకా మెత్తగా ఉండగానే మళ్లీ వైబ్రేటర్ పెట్టి తాపీతో మూస్తే పోతాయి.

పగుళ్ల మీద పొడి సిమెంటు చల్లి మూయబోతే ఆపేశాం. గీత పైన మూసుకుంటుంది, లోపల అలాగే ఉంటుంది, పైపొర మాత్రం వారంలో చేపల వల లాగా నెర్రెలు బారుతుంది.

ఇప్పటివరకు: కాంక్రీటు 1 ఘ.మీ., సిమెంటు 7 బస్తాలు, ఐసు 0, పగుళ్లు 17.

2వ దశ: వేడి ఎక్కడిది, నీళ్లు ఎటు పోయాయి

రెండు రోజులు పోతలేమీ లేవు, లెక్కలే. ముందు కాంక్రీటు వేడి.

```
T = (0.22 × (Ta×Wa + Tc×Wc) + Tw×Ww) / (0.22 × (Wa + Wc) + Ww)
```

ఇందులో Ta, Wa ఇసుక, కంకరల వేడి, బరువు. Tc, Wc సిమెంటువి. Tw, Ww నీళ్లవి. 0.22 ఎందుకంటే రాయి, సిమెంటు కిలోకు పట్టుకునే వేడి నీళ్లతో పోలిస్తే అయిదో వంతు కన్నా కాస్త ఎక్కువ.

ఆ ఉదయం కంకర, ఇసుక 42 డిగ్రీలు, సిమెంటు 48, డ్రమ్ములో నీళ్లు 36. లెక్క 41.1 అంది, థర్మామీటరు 41 చూపింది. లెక్కను నమ్మొచ్చని తేలాక దేన్ని చల్లబరిస్తే ఎంత లాభమో చూశాం. కాంక్రీటు ఒక్క డిగ్రీ తగ్గాలంటే సిమెంటు దాదాపు 9 డిగ్రీలు తగ్గాలి, నీళ్లయితే 4 డిగ్రీలు, ఇసుక కంకరలైతే 1.6 డిగ్రీలు చాలు. బరువంతా వాటిదే కదా. కానీ రెండు టన్నులకు దగ్గరగా ఉండే రాళ్లను ఐసుతో చల్లబరచడం అయ్యే పని కాదు. వాటికి నీడ, తడి. ఐసు నీళ్లకే. సిమెంటును ఎండలో పెట్టకపోతే చాలు.

ఇక పగుళ్లు. కొత్త కాంక్రీటు లోపల రాళ్లు సర్దుకుంటుంటే కొంత నీరు పైకి తేలుతుంది. ఆ ఊట ఉన్నంతసేపు పైపొర తడిగా ఉంటుంది. ఊట కన్నా వేగంగా నీరు ఆవిరైతే పొర ఎండి లాగుతుంది, ఆ లాగుడుకు తట్టుకునే బలం దానికి అప్పటికి లేదు గనక చీలుతుంది. గంటకు చదరపు మీటరుకు 1 కిలో నీరు ఆవిరవుతుంటే ప్రమాదం అన్నది వాడుకలో ఉన్న హద్దు. ఊట తక్కువుండే మిశ్రమాలకు అందులో సగమే హద్దు అనుకోవాలి. ఆవిరిని ఇలా లెక్కిస్తారు:

```
E = 5 × ((Tc+18)^2.5 − r × (Ta+18)^2.5) × (V+4) × 10^-6
```

ఇక్కడ Tc కాంక్రీటు వేడి, Ta గాలి వేడి, r తేమ (25 శాతానికి 0.25), V గంటకు కి.మీ.లో గాలి వేగం. గాలి వేగాన్ని స్లాబుకు అరమీటరు ఎత్తున కొలవాలి.

మొదటి ప్యానెల్‌కు 1.9 వచ్చింది. హద్దుకు దాదాపు రెట్టింపు.

తర్వాత కాగితం మీదే ఒక్కో మార్పు చేసి చూశాం. అదే పగటి ఎండలో ఐసు నీళ్లతో కాంక్రీటును 35.5కి దించితే 1.35. అంటే చల్లని నీళ్లు ఒక్కటే చాలవు. దానికి తోడు గాలిని 15 నుంచి 5కి ఆపగలిగితే 0.64. ఈ అంకె దగ్గర పెన్ను కాసేపు ఆగి ఉండాల్సింది. ఆగకుండా, సాయంత్రానికి మారితే అన్నీ సర్దుకుంటాయని రెండో ప్యానెల్‌కు వెళ్లిపోయాం.

3వ దశ: రెండో ప్యానెల్, సాయంత్రం 6:00

మార్పులు:

1. కంకర, ఇసుక కుప్పలకు పైన నీడ వల. కంకర మీద పొద్దుట నుంచి గంటకోసారి నీళ్ల జల్లు. సాయంత్రానికి రెండూ 32 డిగ్రీలకు వచ్చాయి.
2. డ్రమ్ములో ఐసు పగలగొట్టి వేసి నీళ్లు 15 డిగ్రీలకు. 32 డిగ్రీల నీళ్లకు ఘ.మీ. లెక్కన 27 కిలోల ఐసు పట్టింది. ఐసు కూడా కరిగితే నీళ్లే, కనుక 175 లీటర్లలోనే దాన్నీ కలిపి లెక్కించాం. ముక్కలు పూర్తిగా కరిగాకే మిక్సర్‌లోకి. కరగని ముక్క లోపల ఉండిపోతే అక్కడ బొక్క మిగులుతుంది.
3. బిగుసుకోవడం ఆలస్యం చేసే ద్రావకం, తయారీదారు చెప్పిన మోతాదు మొత్తం.
4. సెంట్రింగుకూ ఊచలకూ పోతకు ముందు నీళ్ల జల్లు, నిలిచిన నీటిని గుడ్డతో తీసేయడం. ఊచలు 36కి దిగాయి.

మొదటి బ్యాచ్ బయటకొస్తూనే పల్చగా పారింది. స్లంప్ 170. ఒక బస్తా మాలు పారబోశాం. తప్పు వెతకడానికి ఎక్కువసేపు పట్టలేదు: పొద్దుట నుంచి తడిపిన కుప్పల్లో ఉన్న నీటిని ఎవరూ తీసివేయలేదు.

తడి ఇసుక 520 గ్రాములు పెనం మీద వేయిస్తే 500 మిగిలింది, అంటే 4 శాతం తేమ. అందులో 1 శాతం ఇసుక రేణువులే పీల్చుకునేది, అది సిమెంటుకు అందదు. మిగిలిన 3 శాతం మిశ్రమంలోకి వచ్చే నీరు. కంకరకు అలాగే చూస్తే 1 శాతం. ఘ.మీ.కి ఇసుక నుంచి 21 లీటర్లు, కంకర నుంచి 11.5, మొత్తం 32.5. అంటే 175 అనుకున్నది నిజానికి 207 అయి, నిష్పత్తి 0.59కి పోయింది. మొదటి ప్యానెల్‌లో పనివాళ్లు చేసిన తప్పునే ఈసారి తూకం వేసి మరీ చేశామన్నమాట.

సవరణ: బస్తాకు 25 లీటర్ల బదులు 20.4 లీటర్లు. రెండో బ్యాచ్ నుంచి స్లంప్ 100కి వచ్చింది. పోసే చల్లని నీళ్లు తగ్గాయి కాబట్టి లెక్క ప్రకారం కాంక్రీటు 29.5 ఉండాలి, 31 వచ్చింది. ఆ తేడా మధ్యాహ్నమంతా ఎండలో నిలబెట్టిన మిక్సర్ డ్రమ్ముది. తర్వాతి పోతలకు డ్రమ్ముమీద తడి గోనెలు కప్పాం.

బిగుసుకోవడం సంగతి బాగుపడింది. స్లంప్ ముప్పావు గంటకు 75, గంటన్నరకు 50. ఎక్కడా పైన నీళ్లు పోయాల్సిన పని రాలేదు.

అయినా రాత్రి 8:40కి 5 పగుళ్లు. మళ్లీ ఏటవాలువే.

కొలతలు చూస్తే కారణం ఎదురుగానే ఉంది. గాలి 34 డిగ్రీలు, తేమ 35 శాతం, కానీ పొద్దు వాలాక గాలి లేచి గంటకు 20 కి.మీ.తో వీస్తోంది. లెక్క 1.2. సాయంత్రం ఎండ పోతుంది గానీ గాలి పోతుందన్న హామీ లేదు. పైగా గాలి చల్లబడుతుంటే లోపల కాంక్రీటు వెచ్చగానే ఉంటుంది గనక అది ఆవిరిని ఇంకా తోడుతూనే ఉంటుంది.

రెండో కారణం ద్రావకం. మొదటి ప్యానెల్ రెండు గంటల్లో వేలికి గట్టిగా తగిలింది, ఇది నాలుగున్నర గంటలైనా వేలు దిగింది. పైపొర మెత్తగా ఉన్నంతసేపు పగులుకు తెరిచిన తలుపే. బిగుసుకోవడాన్ని ఆలస్యం చేస్తే పోయడానికి సమయం దొరుకుతుంది, పగలడానికీ అంతే సమయం దొరుకుతుంది. కప్పి ఉంచే ఏర్పాటు లేకుండా ద్రావకం వాడకూడదు.

ఈ ఒక్క రాత్రితో విషయం రెండుగా విడిపోయింది. త్వరగా బిగుసుకోవడానికి మందు కాంక్రీటు వేడి తగ్గించడం. పగుళ్లకు మందు గాలిని ఆపడం, పైన తడి పోకుండా కప్పడం. ఒకదాని మందు రెండోదానికి కొంత సాయం చేస్తుందే తప్ప దాని బదులు కాదు.

ఇప్పటివరకు: కాంక్రీటు 2 ఘ.మీ., సిమెంటు 15 బస్తాలు (పారబోసిన ఒకటి కలిపి), ఐసు 27 కిలోలు, పగుళ్లు 22.

4వ దశ: మూడో ప్యానెల్, మళ్లీ సాయంత్రం

ముందురోజు లాంటి గాలి కోసమే చూసి పోశాం. 20 కి.మీ. గాలి ఉంది, మంచిదే అనుకున్నాం.

గాలి వచ్చే వైపూ, దాని పక్కవైపూ బొంగులు పాతి 1.2 మీ. ఎత్తున టార్పాలిన్ కట్టాం. దాని వెనక, ప్యానెల్‌కు అరమీటరు పైన గాలి 6 కి.మీ.కి పడింది. మిగతావన్నీ అవే ఉండగా ఆవిరి 1.2 నుంచి 0.5కి దిగింది. టార్పాలిన్, నాలుగు బొంగులు, తాడు. 27 కిలోల ఐసు చేయలేనిది ఇవి చేశాయి.

ద్రావకం సగానికి తగ్గించాం. మట్టం కట్టె లాగిన ప్రతి చోటా అయిదు నిమిషాల్లోపు ప్లాస్టిక్ షీటు పరిచాం. తాపీ పనికి అవసరమైనంత మేర మడిచి, అవగానే మళ్లీ కప్పడం. షీటు ఎగరకుండా అంచుల మీద కట్టెలు పెట్టాం.

పురుగుమందు కొట్టే పంపుకు సన్నని నాజిల్ పెట్టి మంచులా చల్లించడం కూడా చేశాం. నాజిల్ పైకి చూడాలి, పొగలా గాలిలో తేలి పైపొర మీద దిగాలి. ఒక మూల కుర్రాడు నాజిల్‌ను నేరుగా కాంక్రీటు మీదికి తిప్పాడు. అక్కడ నీళ్లు నిలిచి, తాపీ పెడితే ఆ తడి పైపొరలోకే కలిసిపోయింది. ఆరాక గోరుతో గీస్తే పొడి రాలే చోటు ఆ అడుగు మేరే.

పగుళ్లు: సున్నా. వేలికి గట్టిపడింది మూడు గంటలకు.

ఇప్పటివరకు: కాంక్రీటు 3 ఘ.మీ., సిమెంటు 22 బస్తాలు, ఐసు 52 కిలోలు, పగుళ్లు 22.

5వ దశ: స్లాబు

ముందు వరస మార్చాల్సి వచ్చింది. మొదటి పథకం ప్రకారం 10 మీ. పొడవునా 2 మీ. వెడల్పు పట్టీలు. ఒక పట్టీకి 2.5 ఘ.మీ. మిక్సర్ గంటకు సుమారు 2 ఘ.మీ. ఇస్తుంది. అంటే ఒక పట్టీ మొదట్లో పోసిన అంచుకు పక్క పట్టీ వచ్చి తగిలేసరికి గంటా పావు. ఎండాకాలంలో ఆ అంచు అప్పటికి బిగుసుకుని కొత్తదానితో కలవదు, అక్కడే తర్వాత వాన నీరు కారుతుంది. కాబట్టి అడ్డంగా తిప్పి, 8 మీ. పొడవున 1 మీ. పట్టీలు పది. ఒక్కోటి 1 ఘ.మీ., అరగంట పైచిలుకు. ఏ అంచూ 40 నిమిషాలకు మించి ఎదురుచూడదు.

ఐసు లెక్క: తడి నీటిని తీసేశాక ఘ.మీ.కి 143 లీటర్లు పోయాలి, అందులో 22 కిలోలు ఐసు. పది ఘ.మీ.కి 220. దారిలో కరిగేదానికి కలిపి 250 కిలోలు తెచ్చి, రంపపు పొట్టులో గోనెలు చుట్టి ఉంచాం.

పోత రోజు క్రమం:

1. పొద్దుట నుంచి కంకరకు జల్లు, నీడ. మిక్సర్ డ్రమ్ముకు తడి గోనె.
2. సాయంత్రం 4కి ఇసుక, కంకర తేమ పెనం మీద చూడటం. రాత్రి 9కి ఇంకోసారి.
3. 5:30కి గాలి వైపు 1.8 మీ. టార్పాలిన్. పైకప్పు మీద గాలి బలం ఎక్కువ, బొంగులను కింది పరంజాకు కట్టాలి.
4. 6:00కి ఊచలకు, సెంట్రింగుకు జల్లు, నిలిచిన నీరు తీసేయడం.
5. 6:30కి పోత మొదలు. ప్రతి పట్టీకి ఒకసారి కాంక్రీటు వేడి, స్లంప్, గాలి రాయడం.

మొదటి పట్టీ 30 డిగ్రీలు, అయిదోది 29, చివరిది 28. గాలి టార్పాలిన్‌కు దగ్గర 6 కి.మీ., 10 మీ. అవతలి చివర 9 కి.మీ. దూరం పెరిగేకొద్దీ అడ్డు బలం తగ్గుతుంది కాబట్టి ఆ చివర షీట్లు ముందు పరిచాం.

ఆరో పట్టీ మధ్యలో, 9:50కి మిక్సర్ బెల్టు తెగింది. 25 నిమిషాలు ఆగింది. తెగిన చోటి అంచుమీద తడి గోనె కప్పి, బెల్టు మారాక వైబ్రేటర్ సూదిని పాత కాంక్రీటులో నిలబెట్టి చూశాం. తోయకుండానే తన బరువుకు దిగిపోయి, తీస్తే గుంట తనంతట తానే పూడుకుంది. అంటే ఇంకా బతికే ఉంది. కొత్తదాన్ని దానిమీదికి జరిపి రెండిటినీ కలిపి వైబ్రేట్ చేసి సాగించాం. సూది దిగకపోయినా, గుంట మూసుకోకపోయినా అక్కడే ఆపి, నిలువు అంచు కొట్టి, మర్నాడు సరైన అతుకు చేయాల్సిందే. నీళ్లు చల్లి మెత్తబరిచి కలిపామనుకుంటే కుదరదు.

పోత ముగింపు 12:25. ఒంటిగంటకు తూర్పు మూలలో షీటు లేచిపోయి పావుగంట ఎవరూ చూడలేదు. రెండు వెంట్రుక గీతలు, 150 మి.మీ. చొప్పున. ఆ పట్టీ ఇంకా మెత్తగానే ఉండటంతో చెక్క తాపీతో గట్టిగా అదిమి రుద్దితే మూసుకున్నాయి. గంట తర్వాత చూసినా మళ్లీ రాలేదు. లెక్కలో మాత్రం ఉంచాం.

ఇప్పటివరకు: కాంక్రీటు 13 ఘ.మీ., సిమెంటు 92 బస్తాలు, ఐసు 302 కిలోలు, పగుళ్లు 24.

6వ దశ: నీళ్లు పట్టడం

ఉదయం 5:30కి, ఎండ తగలకముందే ప్లాస్టిక్ కింద తడి గోనెలు పరిచాం. 8 గంటలకు చుట్టూ గట్లు కట్టి నీళ్లు నిలబెట్టాం. రోజుకు నాలుగుసార్లు నింపితే సరిపోదు, మధ్యాహ్నానికి గట్ల లోపల ఆరిపోయేది. ఒకసారి తడిసి ఒకసారి ఎండటం అసలు తడపకపోవడం లాంటిదే. గోనెలను నీళ్లలోనే ఉంచేసి, పైన ప్లాస్టిక్ మళ్లీ కప్పాక రెండుసార్లు చాలాయి.

డ్రముల్లో మిగిలిన 12 డిగ్రీల నీళ్లు స్లాబు మీద పోయబోయారు. స్లాబు పైభాగం అప్పటికి 36. నీళ్లు పైపొర కన్నా 11 డిగ్రీలకు మించి చల్లగా ఉండకూడదు, పైపొర ఒక్కసారి ముడుచుకుని చీలుతుంది. ఆ నీళ్లు గోడలకు వాడేశాం. చల్లని నీళ్ల పని మిక్సర్ దగ్గరే ముగిసింది.

మామూలు సిమెంటు కాబట్టి 10 రోజులు. బూడిద కలిసిన సిమెంటయితే 14.

28వ రోజు క్యూబులు (చ.మి.మీ.కి న్యూటన్లలో): మొదటి ప్యానెల్, నీళ్లు పోయకముందు 31. అదే ప్యానెల్, 5 లీటర్లు పోశాక 23. స్లాబు ఆరో పట్టీ 34. తొమ్మిదో పట్టీ 33.

అదే రోజు స్లాబు మీద 25 మి.మీ. నీళ్లు ఒక రాత్రంతా నిలబెట్టి కింద నుంచి చూశాం. తడి మచ్చ ఒక్కటే వచ్చింది, అది కరెంటు పైపు దిగే చోట. బెల్టు తెగిన చోట పొడిగానే ఉంది.